అందరి ముందూ అన్న మాట

మా ఫౌండర్‌కి మేం పెట్టుకున్న పేరు కుక్కర్. ఆయన ముందు సార్ అంటాం, ఆయన గది దాటగానే కుక్కర్. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆయన కూడా ముందు అడిగేది అదే. "ఇవాళ ఎన్ని విజిల్స్?" మొదట్లో నవ్వేదాన్ని. ఈమధ్య ఆ జోకు వింటే ఒళ్లు మండుతోంది, ఎందుకంటే ఆ ఆవిరి తగిలేది మాకే.

మాది చిన్న కంపెనీ. లైట్ల దుకాణం మీద రెండు గదులు. డాక్టర్ల క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తాం. రోగి ఫోన్‌లో టైము బుక్ చేసుకుంటాడు, ముందురోజు గుర్తుచేస్తూ మెసేజ్ వెళ్తుంది. ఆయన మొట్టమొదట ఉద్యోగం ఇచ్చింది నాకే. క్లినిక్‌ల వాళ్ల ఫోన్లు ఎత్తడం, వాళ్ల కష్టాలు వినడం, వాళ్లను పోనివ్వకుండా పట్టుకోవడం నా పని. ఆయనకంటే కాస్త పెద్దదాన్ని, అందుకని మూడ్ బాగుంటే నన్ను అక్కా అంటాడు, కోపమొస్తే మేడమ్ అంటాడు. కుర్చీలు కూడా లేని రోజుల్లో నేల మీద కూర్చుని కలిసి పనిచేశాం. అప్పుడాయన అరిచేవాడు కాదు. క్లయింట్లు పెరిగారు, పెట్టుబడి వచ్చింది, దానితోపాటు ఈ రోగమూ వచ్చింది.

రోజూ ఉదయం మాకు నిలబడి మాట్లాడుకునే మీటింగ్ ఒకటుంది. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ ఆగిపోయాం, అంతే. నిలబడి ఉంటే త్వరగా ముగుస్తుందని ఆయనే పెట్టాడు. పోనుపోను ఆ మీటింగ్ బోనులో నిలబడ్డట్టు తయారైంది. ఎవరైనా "ఇక్కడ ఆగిపోయాను" అన్నారా, అయిపోయారు. దాంతో అందరూ "అంతా బానే ఉంది సార్" అనడం నేర్చుకున్నారు. చెడ్డ కబురు ఏదైనా ఉంటే నా చెవిన వేసేవాళ్లు. ఆయన కాఫీ తాగే వేళ చూసి నేను మెల్లగా, చక్కెర పూసి చెప్పేదాన్ని. ఇదో గొప్ప పద్ధతని మాకు మేమే మురిసిపోయాం.

ఆ పద్ధతి తెలియంది ఒక్క టెస్టర్ అమ్మాయికే. మేం తయారుచేసిన దాన్ని జనం చేతిలో పడకముందే వాడిచూసి తప్పులు పట్టడం ఆమె పని. కొత్తగా చేరింది, ఉన్నదున్నట్టు చెప్పే పిల్ల. రోగి నంబరు మార్చుకున్నా మెసేజ్ పాత నంబరుకే పోతోందని మీటింగ్‌లోనే చెప్పేసింది. "ఆ మూలమూలలు వెతికేదాకా నీకు నిద్రపట్టదా?" అని ఆయన కసిరాడు. ఎవరూ దాని జోలికి పోలేదు.

సోమవారం అది బయటపడింది. మా పెద్ద క్లయింట్ ఊరంతా బ్రాంచీలున్న క్లినిక్. వాళ్ల మేనేజర్‌గారు వీడియో కాల్‌లో ఉన్నారు. మేమంతా ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నాం. ఒకావిడ చికిత్స సంగతి ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ఫోన్‌కి వెళ్లిందని, ఇదెలా జరిగిందని మేనేజర్‌గారు అడిగారు. మా ఫౌండర్ తిరిగి టెస్టర్ వంక చూశాడు.

"ఈ అమ్మాయి చూసుకోవాల్సిన పనండీ. చదువుకుని వచ్చిందో, నిద్రపోవడానికి వచ్చిందో తెలీదు. ఏయ్, నీకసలు బుర్రుందా? నీకిచ్చే జీతం దండగ."

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. స్క్రీన్‌లో మేనేజర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మా గదిలో ఒక్కరమూ నోరు విప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

బుధవారం మధ్యాహ్నం ఆ పిల్ల మెట్ల మీద దొరికింది. ఏడవడం లేదు, ఏడిస్తేనే నయమనిపించేంత గట్టిగా కూర్చుంది.

"శుక్రవారం రాజీనామా కాయితం ఇచ్చేస్తానక్కా" అంది. "ఇంకో మాట. మనం శుక్రవారం వదిలే కొత్త వెర్షన్‌లో రోగులు తమ రిపోర్టులు చూసుకోవచ్చు కదా. ఆ లింకు చివర ఒక అంకె మారిస్తే పక్కవాళ్ల రిపోర్టు తెరుచుకుంటోంది."

నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. "ఎవరితో చెప్పావు?"

"ఎవరితోనూ చెప్పలేదు, చెప్పను. మొన్న చెప్తే కసిరారు, చివరికి నాకే బుర్ర లేదన్నారు."

పరాయివాళ్ల జబ్బుల సంగతులు అంగట్లో పెట్టినట్టవుతుంది. ఆమెకూ తెలుసు. తెలిసిన మనిషి నోరు కూడా మూయించాడంటే, ఆ అరుపుల ఘనత ఎంతో చూడండి.

"ఇది ఎలాగూ శుక్రవారం లోపల ఆపాల్సిందే" అన్నాను. "కానీ నీ తరఫున నేను వెళ్లి చక్కెర పూసి చెప్పను. ఆ దుకాణం ఇవాళ్టితో మూసేశాను. ఆయన అరవకుండా వినేలా చేస్తే నువ్వే చెప్తావా?"

"చెప్తాను" అంది. "కానీ అరిస్తే అక్కడే లేచి వెళ్లిపోతా."

"వెళ్దువుగాని, నీ వెనకాలే మేమూ వస్తాం."

అన్నానేగానీ ఆ 'మేమూ'లో ఎవరెవరున్నారో నాకింకా తెలియదు. ప్రోగ్రామర్‌నీ డిజైనర్‌నీ కింద టీ బండి దగ్గరికి లాక్కెళ్లాను. మొదటినుంచీ ఉన్నది మేం ముగ్గురమే. ప్రోగ్రామర్, ఫౌండర్ కాలేజీ స్నేహితులు, ఒకరినొకరు మామా అనుకుంటారు.

"వాడి మనసు మంచిదే" అన్నాడు ప్రోగ్రామర్, టీ ఊదుకుంటూ.

"మనసు లోపలెక్కడో ఉంది బాబూ. మనకు వినబడేది నోరు" అన్నాను.

డిజైనర్ నవ్వింది. ఆమె చిన్న గొంతుతో మాట్లాడే మనిషి, చెప్పేది మాత్రం సూటిగా చెబుతుంది. "కోపంగా ఉంటాడు, మారాలి అని చెప్తే ఆయనకి ఏమీ అర్థం కాదు. ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాట అన్నాడో చెప్దాం. దానివల్ల ఏమైందో చెప్దాం. మనకేం కావాలో చెప్దాం. ఒక్కళ్లం వెళ్తే ఒక్కళ్లని తీసేస్తాడు, ముగ్గురం వెళ్దాం."

"వినకపోతే?" అన్నాడు ప్రోగ్రామర్.

"పెట్టుబడి పెట్టిన పెద్దాయనతో మాట్లాడతాం. అదీ ఈయనకి ముందే చెప్పి. చాటుగా వద్దు."

ప్రోగ్రామర్ గ్లాసు అడుగుకంటా తాగి, "సరే, పదండి" అన్నాడు.

ఆయన గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. డిజైనర్ చెప్పినట్టే నేను సోమవారం కాల్‌తో మొదలుపెట్టి, అన్న మాటలు అన్నట్టే వినిపించాను. తన మాటలు వేరే గొంతులో వింటుంటే మనిషికి ఎలా ఉంటుందో ఆ మొహంలో చూశాను. ఆ లోపం ఆ అమ్మాయి ముందే చెప్పిందని, కసిరితే మేమంతా వదిలేశామని గుర్తుచేశాను.

"నా మీద ఎంత బరువుందో మీకేం తెలుసు? నేను అరవకపోతే ఇక్కడ పని జరగదు, మేడమ్."

"అరిస్తే పని జరగడం లేదు సార్, దాచడం జరుగుతోంది. ఇప్పుడు మీకు తెలియనివి ఎన్నున్నాయో కూడా మీకు తెలీదు. పని బాగా లేకపోతే బాగా లేదనండి, పడతాం. బుర్ర లేదు, జీతం దండగ అంటే పడం. రేపట్నుంచి మీ గొంతు లేస్తే మేం గదిలోంచి లేచి వెళ్తాం. దిగాక వచ్చి పని చేస్తాం. ఆ అమ్మాయిని అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఇవేవీ కుదరకపోతే పెద్దాయన దగ్గరికి వెళ్తాం, ఆ మాట మీతోనే ముందు చెబుతున్నాం."

"బెదిరిస్తున్నారా? ఇష్టం లేకపోతే వెళ్లిపోండి."

నాకు తిక్క రేగింది. ఏదో అనబోతుంటే ప్రోగ్రామర్ నా చేతి మీద చెయ్యి వేశాడు.

"వెళ్లగలం మామా. అందరికీ బయట పనులు దొరుకుతాయి. వెళ్లిపోవాలనుకుంటే ఇంతసేపు ఎందుకు మాట్లాడతాం?"

స్నేహితుడి నోట ఆ మాట ఆయన ఊహించినట్టు లేదు. కిటికీ వైపు చూస్తూ "చూద్దాం" అన్నాడు. అంతకంటే రాలేదు.

మర్నాడు ఉదయం మంచినీళ్ల దగ్గర టెస్టర్‌ని ఆపి గొణిగాడు. "సారీ అమ్మా. ఆ రోజు ఏదో టెన్షన్‌లో..."

పక్కనే సీసా నింపుకుంటున్న నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్లకి రాలేదు.

"అన్నది అందరి ముందూ కదా సార్" అంది మర్యాదగానే, తన చోటికి వెళ్లిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాస్త తగ్గొచ్చు కదా తల్లీ అనుకున్నాను, మరుక్షణమే నన్ను నేను తిట్టుకున్నాను. తగ్గి తగ్గి కదూ ఇక్కడిదాకా వచ్చాం.

మీటింగ్‌లో ఆమె వంతు వచ్చింది. నిన్న నాతో అన్నట్టే చెప్పింది. "కొత్త వెర్షన్‌లో ఒకరి రిపోర్టు ఇంకొకరికి కనబడుతోంది."

"రేపు బయటికి పంపాలి, ఇప్పుడా చెప్పేది? నువ్వసలు..."

గొంతు లేచింది. నేను కదిలేలోపు ప్రోగ్రామర్ తలుపు దాకా వెళ్లిపోయాడు. డిజైనర్, నేను, టెస్టర్, అందరం వరండాలోకి నడిచాం. ఎవరూ తలుపు విసరలేదు, ఒక్క మాట అనలేదు. బయట టెస్టర్ తన ఫోన్‌లోనే లింకు మార్చి చూపించింది. ప్రోగ్రామర్ "అడిగినవాడు ఎవడో చూడకుండానే ఇచ్చేస్తోంది, తప్పు నాదే" అన్నాడు. సరిచెయ్యడానికి, మళ్లీ అన్నీ పరీక్షించడానికి ఎంత పడుతుందో మాట్లాడుకోసాగారు. తలుపు సందులోంచి ఖాళీ గది మధ్యలో నిలబడ్డ ఆయన కనబడుతున్నాడు. జాలేసింది, అబద్ధమెందుకు. అయినా లోపలికి పోలేదు.

కాసేపటికి ఆయనే బయటికి వచ్చాడు.

"చెప్పమ్మా" అన్నాడు. "మొదట్నుంచి చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన దవడ బిగుసుకోవడం, వదలడం చూస్తూనే ఉన్నాను, గొంతు మాత్రం లేవలేదు. అంతా విని, "మేనేజర్‌గారికి కాల్ కలపండి. అందరూ లోపలికి రండి" అన్నాడు.

మళ్లీ అదే స్క్రీన్, అవే కుర్చీలు. మేనేజర్‌గారు కనబడగానే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"శుక్రవారం సంగతి మాట్లాడేముందు ఒకటి సరిచెయ్యాలండీ. మొన్న మీ ముందు ఈ అమ్మాయిని అనరాని మాటలన్నాను. ఆ లోపం తను నాకు ముందే చెప్పింది. నేనే కొట్టిపారేశాను. తప్పు నాది." ఆమె వైపు తిరిగాడు. "ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నానమ్మా."

ఆ మాటలు పలకడానికి ఆయనకెంత కష్టమైందో మెడ మీద చెమటే చెప్పింది. టెస్టర్ తల ఊపింది. మేనేజర్‌గారు ఆయన్ని దాటి ఆ పిల్లనే పలకరించారు.

"అమ్మా, నువ్వు చెప్పు" అన్నారు ఆ పిల్లతో. "శుక్రవారం మా బ్రాంచీల్లో పెట్టొచ్చా?"

అందరం ఆమె వంకే చూశాం. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"వద్దండీ" అంది టెస్టర్. "ఒకరి రిపోర్టు ఇంకొకరికి కనబడుతోంది. మావాళ్లు సరిచేశాక మొత్తం నేను మళ్లీ చూడాలి. వచ్చే వారం నేనే మీకు ఫోన్ చేస్తాను."

"సరే, నీ ఫోన్ కోసం చూస్తాను" అన్నారావిడ.

శుక్రవారం కాయితం ఇస్తానన్న పిల్ల, వచ్చే వారానికి మాట ఇచ్చేసింది.