అనివార్య కారణాలు

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి నా కంప్యూటర్ తెరమీద పద్నాలుగు వందల మంది పిల్లలు మాయమయ్యారు.

పిల్లల డాక్టరమ్మ క్లినిక్‌కి నేను వెబ్‌సైట్ కడుతున్నాను. సోమవారం ప్రారంభం. తల్లులు ఫోన్లోనే అపాయింట్‌మెంట్ తీసుకుంటారు, బిడ్డ పేరు కొడితే పాత వివరాలన్నీ డాక్టరమ్మ ముందుంటాయి. ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాక నాకు దొరికిన మొదటి పెద్ద క్లయింటు ఆవిడే. ఈ ఒక్కటి గట్టెక్కితే మరో ఇద్దరు డాక్టర్లకు నా పేరు చెబుతానంది. చెడిందంటే ఆ ఇద్దరికీ నా పేరు వేరే రకంగా చేరుతుంది.

క్లినిక్ రిసెప్షన్ అమ్మాయి రెండు నెలలు కూర్చుని పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. నాలుగు వేల నూట పన్నెండు పేర్లు. వాటిని మంగళవారమే సైట్‌లో పోశాను. ఆ అమ్మాయి చేయి తిరగాలని ట్రయల్ లింకు కూడా పంపేశాను. ఎన్ని చేరాయో మాత్రం ఇవాళ లెక్క చూసుకున్నాను. రెండు వేల ఆరు వందల చిల్లర ఉన్నాయి.

మిగతా పిల్లలేమయ్యారు? వెతగ్గా వెతగ్గా తెలిసింది. ప్రతి బిడ్డనూ ఫోన్ నంబరుతో గుర్తుపట్టేలా రాశాను. నంబరుకి ఒక మనిషి అనుకున్నాను, మహా తెలివిగలదాన్ని. పాలు తాగే పిల్లకు ఫోనెక్కడిది? అన్నకీ చెల్లికీ అమ్మ నంబరే. పెద్దో చిన్నో, తర్వాత ఎక్కిన బిడ్డ మొదట ఎక్కిన బిడ్డను చెరిపేసి, మొదటి పేరు వెతికినా ఆ నంబరు మీదున్న తర్వాతి బిడ్డ వివరాలే వస్తున్నాయి. తోబుట్టువులందరినీ ఒకే గాటన కట్టేశాను. ఏ మందు ఎవరికి పడదో రాసిన గడి కూడా అందులోనే కొట్టుకుపోయింది.

ఛీ, నా బుర్ర! దీన్ని సరిచేయడానికి రెండు రోజులు చాలు. కానీ ఎవరి వివరాలు ఎవరివో ఒక్కొక్క కుటుంబాన్నీ రిజిస్టర్‌తో పోల్చి చూడాలి. వారం పడుతుంది. సోమవారం నుంచి సైట్ మొదలని డాక్టరమ్మ తల్లులందరికీ మెసేజ్ కూడా పెట్టేసింది.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని మెయిల్ రాశాను.

“గౌరవనీయులైన డాక్టర్ గారికి, నమస్కారం. కొన్ని అనివార్య సాంకేతిక కారణాల వల్ల సైట్ ప్రారంభాన్ని వారం రోజులు వాయిదా వేయవలసి వస్తోంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

ఎదురుగా అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ముప్పై ఏళ్లు తెలుగు టీచరు. రిటైరయినా దిద్దే జబ్బు పోలేదు. జరిగింది చెప్పి, ఒకసారి చదివి చూడమన్నాను. తప్పు నాదే.

“చింతిస్తున్నాము అంటే ఎవరమ్మా? నువ్వూ నేనూనా?”

“మర్యాద కోసం అత్తయ్యా.”

“అనివార్యం అంటే అర్థం తెలుసా?”

“తప్పనిసరి.”

“ఆపడానికి వీల్లేనిదని. వరదొచ్చింది, అది అనివార్యం. నీ లెక్క తప్పింది, అది అనివార్యమా?”

ఒళ్లు మండింది. “అందరూ ఇలాగే రాస్తారు. నిజం రాస్తే ఇంకొకళ్లని చూసుకుంటుంది.”

“చేసిన పాపం చెబితే పోతుందంటారు.”

“క్లయింటు కూడా పోతుంది!”

అత్తయ్య నవ్వలేదు. చిక్కుడుకాయ పక్కన పెట్టింది. “సరే, పోనీ. నాకొకటి చెప్పు. ఆ తప్పుల పట్టిక ఇప్పుడెవరైనా చూస్తున్నారా?”

“ఆ రిసెప్షన్ అమ్మాయి ఒక్కతే. నేర్చుకోవడానికిచ్చాను.”

“నేర్చుకునేవాళ్లు అందులో ఉన్నది నిజమనుకోరా? నా క్లాసులో బోర్డు మీద నేను తప్పు రాస్తే నలభై మంది అదే ఎక్కించుకునేవాళ్లు.”

మూడు రోజులుగా ఆ లింకు తెరిచే ఉంది. అంతవరకు నా పరువు గురించే ఆలోచిస్తున్నాను, సిగ్గులేకుండా. రాసిందంతా కొట్టేశాను. పోతే పోనీ క్లయింటు, ఉన్నది ఉన్నట్టే రాస్తానని కూర్చున్నాను. ‘ప్రారంభ తేదీ గురించి’ అన్న శీర్షిక కూడా మార్చాను.

“విషయం: పిల్లలకు పడని మందుల వివరాలు ట్రయల్ సైట్‌లో తప్పుగా ఉన్నాయి, దయచేసి వెంటనే చూడండి.

డాక్టర్ గారికి నమస్కారం. ట్రయల్ లింకులో చూసి దయచేసి ఎవరికీ మందులు రాయకండి. పాత రిజిస్టరే చూడండి. లింకును ఇప్పుడే ఆపేస్తున్నాను.

ఒకే ఫోన్ నంబరున్న తోబుట్టువుల వివరాలు ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోయాయి. ఈ తప్పు నాది. మీ రిసెప్షన్ వారు ఎక్కించినదాంట్లో ఏ లోపమూ లేదు. ఆ ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది.

సోమవారం ప్రారంభించలేను. ఆపై సోమవారానికి సిద్ధం చేస్తాను. సరిచేయడానికి రెండు రోజులు, మళ్లీ ఎక్కించడానికి ఒకటి, మిగతా రోజులు ప్రతి కుటుంబాన్నీ రిజిస్టర్‌తో పోల్చడానికి. ఆ పోల్చే పనికి నేనే క్లినిక్‌కి వచ్చి కూర్చుంటాను. తల్లులకు పంపాల్సిన మెసేజ్ కింద రాశాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి. మీ మాట పోయేలా చేసినందుకు క్షమించండి.”

అత్తయ్య చదివింది. ఒక్క కామా కూడా దిద్దలేదు. పంపేశాను.

లింకు ఆపి ఇటు తిరిగానో లేదో ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

“ఆ లింకు ఉత్త ట్రయలేనని మా రిసెప్షన్ అమ్మాయికి చెప్పారా?”

“నేర్చుకోవడానికని చెప్పానండి. అందులో చూసి పని చేయొద్దని చెప్పలేదు.”

“రిజిస్టర్ తిరగేయడం కంటే తొందరగా దొరుకుతోందని నిన్నట్నించీ అందులోనే చూసి చెప్తోంది.” ఆవిడ మాట వేగం పెరిగింది. కోపమో, భయమో. “ఇప్పుడే ఓ కవల పిల్లల్లో చిన్నోడు జ్వరంతో వచ్చాడు. వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. ఏ మందైనా పడదా అంటే, అవన్నీ వాళ్లమ్మకి తెలుసండీ అన్నాడు. లింకులో ఏమీ లేదంది మా అమ్మాయి. చీటీ రాసి చేతికిచ్చేశాను. ఈలోగా మీ మెయిల్ శీర్షిక ఫోన్ మీద కనబడింది.”

“వెళ్లిపోయారా?”

“గుమ్మం దగ్గర ఆపాను. రిజిస్టర్ తీస్తే ఎర్రసిరాతో ఉంది, నా చేత్తో నేనే రాసింది. పెన్సిలిన్ పడదని. నేను రాసిచ్చిందీ అదే.”

“డాక్టర్ గారూ, నన్ను...”

“మీమీద నాకు చాలా కోపంగా ఉంది. అది తర్వాత చూద్దాం. నిన్నట్నించి చూసిన పిల్లలందరి చీటీలూ ఇప్పుడు మళ్లీ సరిచూసుకోవాలి. మీరెంతసేపట్లో వస్తారు?”

“అరగంటలో.”

“రండి. పై సోమవారం మొదట ఆ చిన్నోడి పేజీ నేనే తెరుస్తాను.”

ఫోన్ పెట్టేసి లేచాను. అంతా వినబడే ఉంటుంది, అత్తయ్య కూడా లేచింది. నా ల్యాప్‌టాప్ సంచీలో పెట్టి, పక్కన తన ఎర్ర పెన్ను కూడా పడేసింది.

“పద, నేనూ వస్తాను. పోల్చి చూసే పనేగా. ముప్పై ఏళ్లు చేసింది అదే.”

ఆపై సోమవారం డాక్టరమ్మ చిన్నోడి పేరు కొట్టింది. ఒకే నంబరు కింద ఇద్దరు పిల్లలు వచ్చారు. పెద్దోడి గడి ఖాళీగా ఉంది. చిన్నోడి గడిలో పెన్సిలిన్ పడదని ఎర్రగా ఉంది.