మార్చి పన్నెండు నొక్కితే

హీరోయిన్ నిహారిక డేట్లన్నీ చూసేది వాళ్లమ్మ సత్యలక్ష్మి. 2026కి టాబ్లెట్‌లో వాడుకునేలా షేక్‌పేటలో ఉండే డిజైనర్ ఉదయశ్రీ చేత పీడీఎఫ్ ప్లానర్ చేయించుకుంది. పేజీ అంచున పన్నెండు నెలల ట్యాబులు. నెల నొక్కితే ఆ నెల క్యాలెండర్, అందులో తేదీ నొక్కితే ఆ రోజు పేజీ. పెన్నుతో అందులోనే రాసుకోవచ్చు. రాసేది ఇద్దరే: ఆమె, మేనేజర్ వరప్రసాద్.

ఫిబ్రవరి మొదటి వారంలో, జూబ్లీహిల్స్ ఇంట్లో కాఫీ తాగుతూ ఆ నెల పన్నెండో తేదీ పేజీ తెరిచింది. తను రాసిన డబ్బింగ్ కింద వరప్రసాద్ అక్షరాలు: "కమలాకర్ గారి షూటింగ్, ఉదయం ఏడు."

ఆరేళ్లుగా నమ్మిన మనిషి. తను డబ్బింగ్ పెట్టిన రోజునే నిర్మాత కమలాకర్‌కీ ఇచ్చేశాడన్నమాట. ఫోన్ చేసి రమ్మంది.

"అది మార్చి పన్నెండమ్మా. జనవరిలో మీ ముందే రాశాను కదా," అన్నాడు వరప్రసాద్.

ఆమె పేజీలన్నీ చిన్న బొమ్మలుగా కనిపించే వరుస తెరిచి, మార్చి పన్నెండు వెతికి చూపించింది. పేజీ ఖాళీగా ఉంది.

"మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఆఫీసు ముందు మీ కారు ఉందట. మా డ్రైవర్ చెప్పాడు."

"కథ వినమని పిలిచారు. మీకు చెబుదామనే అనుకున్నాను."

ఆమె నమ్మలేదు. ఉదయశ్రీని కూడా పిలిపించింది.

"నువ్వు మీ ఇంటి నుంచి దీంట్లో రాతలు మార్చగలవా?"

"లేదు మేడమ్. ఫైల్ మీకు పంపినంక నాకేం కనవడది. జర చూపిస్తరా?"

టాబ్లెట్ ఇవ్వలేదు సత్యలక్ష్మి. "నువ్వు చెప్పు, నేను నొక్కుతాను."

మార్చి ట్యాబు నొక్కింది. పన్నెండు నొక్కింది. డబ్బింగ్, దాని కింద కమలాకర్ షూటింగ్ ఉన్న పేజీయే మళ్లీ వచ్చింది. మూలన సన్నటి అక్షరాల్లో ఫిబ్రవరి 12, గురువారం అని ఉంది.

"ఇరవై తొమ్మిది నొక్కుండ్రి," అంది ఉదయశ్రీ. మార్చి 29 సరిగ్గానే తెరుచుకుంది. ఉదయశ్రీ ముఖం వాడిపోయింది.

"ఈ ఏడాది ఫిబ్రవరి, మార్చి రెండూ ఆదివారమే మొదలైతయి మేడమ్. ఫిబ్రవరి క్యాలెండర్‌నే కాపీ చేసి మార్చి చేసిన. పేరు మార్చిన, చివరి మూడు తేదీలు కొత్తగ పెట్టిన. మిగిలిన ఇరవై ఎనిమిది లింకులు ఫిబ్రవరికే పోతున్నయి. తప్పు నాదే. సరిచేసి పంపుత. కానీ మీరు రాసినవి కొత్త ఫైల్ల రావు, మళ్ల రాసుకోవాలె."

సాయంత్రానికి కొత్త ఫైల్ వచ్చింది. సత్యలక్ష్మి మార్చి తేదీలన్నీ నొక్కి చూసింది. అప్పటికీ నమ్మకం కుదరక మిగిలిన పదకొండు నెలలూ నొక్కింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు పెన్ను వరప్రసాద్ వైపు చాపింది.

"మీరు రాసినవి మీరే ఎక్కించండి."

అతను తీసుకోలేదు. "మీరే రాయండమ్మా. అంతా మీ చేతిరాతే ఉంటే మీకూ నిశ్చింత."

ఆమె పెన్ను వెనక్కి తీసుకుంది. అతను ఎదుటి కుర్చీలో కూర్చుని, తలెత్తకుండా, తన ఫోన్‌లోంచి డేట్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. ఆమె రాసుకుంటూ పోయింది.