నలభై రెండు పేర్లు

మా ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, దేన్నీ ఉన్నచోట ఉండనివ్వరు. నేను సర్దిన అలమర మళ్లీ సర్దుతారు. ఇంటికొచ్చిన శుభలేఖలో అక్షరదోషాలు దిద్ది మరీ దాచిన ఘనుడు. పెళ్లయిన పద్నాలుగేళ్లుగా దీన్ని సుగుణంగానే చెప్పుకుంటూ వచ్చాను, చెప్పుకోవడానికి ఇంకేవీ అట్టే లేవు కనుక.

మా చెల్లెలు ప్రోగ్రామర్. దాని కంపెనీ మూతపడి మూడు నెలలైంది. అప్పట్నుంచీ మా ముందుగదిలోనే ఉంటోంది. ఈ మూడు నెలల్లో ఆశ కనబడిన చోటు ఒక్కటే, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీ. అక్కడి టీమ్ లీడ్ మా ఆయనతో ఒకప్పుడు కలిసి పనిచేసిన ఆవిడ.

చెల్లి రెజ్యూమే ఒక్క పేజీ. నాకు చూపించింది. చిన్న క్లినిక్‌లలో రోగులు వరుసలో నిలబడకుండా తమ వంతు ఎప్పుడో ఫోన్లో చూసుకునే ఏర్పాటు, రెండు క్లినిక్‌లు వాడుతున్నాయి, సర్వర్ భాగం నాది, ఫోన్ భాగం నా స్నేహితురాలిది అని రాసింది. దాని కిందే ఆ పనికి వాడినవి మూడంటే మూడు: పైథాన్, జాంగో, పోస్ట్‌గ్రెస్. పక్కన సరిగ్గా ఆ కోడ్ దగ్గరికే వెళ్లే లింకు. నొక్కితే ముందు అదేమిటో, ఎలా నడిపి చూడాలో నాలుగు ముక్కల్లో ఉంది. బి.ఎస్సీ. బోటనీ చదివిన నాకే అర్థమైంది.

మా ఆయన పెదవి విరిచారు. "ఇంతేనా? టూల్స్ ఏవీ?"

"వాడినవి వాడిన చోటే రాశాను బావా. మిగతావి నాకు రావు."

"సరేలే, ఉన్నదున్నట్టు పంపిస్తా," అన్నారు.

గురువారం ఉదయం వీడియో కాల్. నేను తలుపు బయట, మడతపెట్టిన బట్టల్నే మళ్లీ మడతపెడుతున్నాను.

"కాఫ్కా వాడానని రాశారు," అంది టీమ్ లీడ్ గొంతు. "ఒకే మెసేజ్ రెండుసార్లు వస్తే ఎలా సంభాళించారు?"

"నేను కాఫ్కా వాడలేదండీ," అంది చెల్లి.

"పోనీ, కుబర్నెటిస్?"

"అదీ వాడలేదండీ."

"మీ రెజ్యూమేలోనే ఉంది కదమ్మా! ఇదిగో చూడండి, నలభై రెండు టూల్స్ పేర్లు. ప్రాజెక్టు గురించేమో ఒక్క వాక్యం. లింకు నొక్కితే మీ ప్రొఫైల్ వస్తోంది, అందులో ముప్పై కోడ్ రిపోజిటరీలు, మొదటిది 'ప్రాక్టీస్ టూ'. ఏది చూడమంటారు నన్ను?"

పన్నెండో నిమిషంలో కాల్ అయిపోయింది.

చెల్లి ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. ఏడవలేదు. "అక్కా, నా పేరు కింద ఇంకెవరో ఉన్నారు," అంది. తర్వాత నా కళ్లలోకి చూసి, "నీకు తెలుసా?" అని అడిగింది.

తెలీదన్నాను. నమ్మిందో లేదో మాత్రం నాకు తెలియలేదు. మా ఇద్దరి మధ్య ఆ ప్రశ్న రావడం అదే మొదలు.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన మా ఆయన చెయ్యి కడుక్కుంటూనే ఒప్పేసుకున్నారు, అదీ గర్వంగా. "మార్చాను. ఈ రోజుల్లో రెజ్యూమేల్ని మెషీన్లు జల్లెడ పడతాయి. పదాలు లేకపోతే మనిషి దాకా పోదు!"

"నువ్వు తిన్నగా మనిషికే పంపావు కదా బావా," అంది చెల్లి.

ఆయన కూర వైపు చూశారు. నేను ఆయన మార్చిన రెజ్యూమే ప్రింటు తీసుకొచ్చి పక్కన కూర్చున్నాను.

"ఏమండీ, తెలీక అడుగుతున్నాను, ఈ యాన్సిబుల్ అంటే ఏమిటి?"

"అదీ... డిప్లాయ్‌మెంటుకి సంబంధించింది."

"సంబంధం ఎటువైపు నుంచి? మేనత్త వైపా, మేనమామ వైపా?"

మంచినీళ్లు తాగారు. నేను ఇంకో మూడు అడిగాను. ఇంకో మూడు గుక్కలు తాగారు.

"ఇంతకీ ఎక్కణ్ణుంచి తెచ్చారివి?"

"మా ఆఫీసులో ఒకతను తన రెజ్యూమేలో రాసుకున్నాడు. నిండుగా ఉందనీ..."

చెల్లి నవ్వలేదు. "నా పని నీకు వెలితిగా కనబడింది కదా బావా. ఆ మాట మొహం మీద అనుంటే పోట్లాడి ఊరుకునేదాన్ని. చెప్పకుండా నా పేరుతో అబద్ధమాడించావు. ఆవిడ ముందు దొంగలా కూర్చున్నాను. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరికీ నా కాగితం ఇవ్వను."

ఎవరికీ అన్నప్పుడు నన్ను కూడా చూసింది.

నేను ఆయన ఫోన్ తెచ్చి, స్పీకర్ పెట్టి, కంచం పక్కన ఉంచాను. "కలపండి," అన్నాను.

టీమ్ లీడ్ ఎత్తింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "మా మరదలి రెజ్యూమే విషయంలో చిన్న పొరపాటు... అంటే, పాత కాపీ వెళ్లిపోయి..."

చెల్లి లేచి నిలబడింది. ఆయన ఆగిపోయారు.

"పాత కాపీయా? మరి ఆ పేర్లన్నీ ఎవరు చేర్చారండీ?" అంది ఆవిడ.

ఆయన చెల్లి వైపు చూశారు. పద్నాలుగేళ్లలో నేనెరగని గొంతుతో అన్నారు:

"నేనండీ. పాత కాపీ కాదు, తనకి చెప్పకుండా నేనే మార్చాను. తను రాసింది నిజం, నేను చేర్చింది అబద్ధం. తప్పు నాదే."