రేపు మేస్త్రి ఇంటి తలుపు

ఊళ్ళో వాళ్ళ తలుపులన్నిటికీ బందులు బిగించే వడ్రంగికి సొంతింట్లో పేరు ‘రేపు మేస్త్రి’. ఆ పేరు పెట్టింది పెళ్ళామే. బాత్రూం తలుపు కిందికి జారిందంటే రేపు, వంటింటి అల్మారా తలుపు ఊగుతోందంటే రేపు. ఆ రేపు కాస్తా ఎప్పుడు చూసినా పొరుగువాళ్ళ ఇంట్లోనే తెల్లారేది.

ఈమధ్య ఆవిడ ఆ పేరుతో పిలవడం కూడా మానేసింది. అసలు పిలవడమే మానేసింది. కంచంలో వడ్డించి, మంచినీళ్ళు పక్కన పెట్టి, పోయి కుట్టుమిషను ముందు కూర్చునేది. దీనికంతటికీ కారణం అగ్గిపెట్టెలు. పొయ్యి వెలిగించడానికి తెచ్చినవి తెచ్చినట్టే ఖాళీ అయిపోతున్నాయి.

మేస్త్రి ఒకప్పుడు సిగరెట్టు నిప్పుతోనే ఇంకో సిగరెట్టు ముట్టించిన మనిషి. ఒకసారి దగ్గుతెర వచ్చి ఊపిరాడక నేలమీద కూలబడ్డాడు. ఆవేళ ఆవిడ పడ్డ హడలు చూసి, ఆవిడ చేతిలో చెయ్యేసి మానేశాడు. మానడమంటే మాటలా? చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, అయినదానికీ కానిదానికీ అందరిమీదా విసుక్కున్నాడు. అయినా మానేశాడు. జీవితంలో తను సాధించిందేమన్నా ఉంటే ఇదొక్కటే అని లోలోపల మురిసిపోయేవాడు కూడా. అలాంటిది ఇప్పుడు ఇంటికి రాగానే ఆవిడ చొక్కా వాసన చూస్తుంటే ప్రాణం చివుక్కుమనేది.

“ముట్టుకోలేదే. నీమీద ఒట్టు.”

“ఒట్టు కూడా నామీదేనా? మీకేమన్నా అయితే నేనేం కావాలి? యాలక్కాయలు నమిలొస్తే నాకు తెలీదనుకున్నారా?”

నమలని యాలక్కాయలకి అతను మాత్రం ఏం జవాబు చెప్తాడు? చేయని నేరానికి నోరు మూసుకున్నవాడు దొంగలాగే కనిపిస్తాడు, అదీ ఖర్మ.

ఇంట్లో ఉన్న మూడో మనిషి అత్తగారు. మోకాలి ఆపరేషనయ్యాక కూతురి దగ్గరే ఉంటోంది. అల్లుడి ఎదట గట్టిగా నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. ఈ గొడవ జరిగినప్పుడల్లా కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుని కూర్చునేది.

ఆదివారం పొద్దున మేస్త్రి పెళ్ళాం బకెట్టు పట్టుకుని బాత్రూంలోంచి బయటికి రాబోయింది. పైబందు స్క్రూలు ఊడి తలుపు ఒక పక్కకి వాలింది. మేస్త్రి పరుగున వెళ్ళి తలుపు పట్టుకున్నాడు. ఈసారి రేపు అనలేదు. తలుపు కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు నిలిపి, కిందిబందు కూడా విప్పి, తలుపు తీసి గోడకి ఆనించాడు.

ద్వారబంధంలో స్క్రూ దిగే కన్నంలోకి సన్న సూది పెట్టి కెలికాడు. ఒక అగ్గిపుల్ల వచ్చింది. ఎర్రటి మందు తల చెక్కుచెదరలేదు. మళ్ళీ కెలికాడు, ఇంకోటి. పక్క కన్నంలో విరిగినవి, నలిగినవి, నీళ్ళకి నాని మెత్తబడ్డవి. కెలికేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

“దాచుకోవడానికి మీకింకో చోటే దొరకలేదా?” అంది పెళ్ళాం.

“పుల్లలు ఇక్కడ దాచి ఏం చేసుకుంటానే? పళ్ళు కుట్టుకుంటానా?”

వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. “అతన్నేమీ అనకే అమ్మాయ్. అవి నేను పెట్టినవి.”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆవిడ గోడ పట్టుకుని నిలబడి, చూపు నేలమీద పెట్టి చెప్పుకొచ్చింది. తలుపు జారిపోయాక గడియ దాని కన్నానికి అందడం లేదట. స్నానం చేస్తున్నంతసేపూ ఒక చెయ్యి తలుపుకే ఆనించి ఉంచేదట. అల్లుడు ఎదురింటి తలుపు కన్నాల్లో పుల్లలు దూర్చి స్క్రూలు బిగించడం చూసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తనూ అలాగే చేసిందట.

“నాలుగు రోజులు ఆగేది, మళ్ళీ ఊడేది. మళ్ళీ పెట్టేదాన్ని.”

“మరి జిగురేదత్తయ్యా?”

“జిగురా?”

మేస్త్రికి నవ్వాగలేదు. ఎదురింట్లో తను పుల్లల్ని జిగురు డబ్బాలో ముంచింది గుమ్మం అవతలి వైపు కూర్చుని. ఆవిడ కంటబడింది పుల్లలు దూర్చడమే.

“నాకు ఒక్క మాట చెబితే పోయేదిగా?”

“బాత్రూం తలుపు సంగతి అల్లుడుగారితో ఎలా చెప్పను బాబూ?”

“పోనీ నాకైనా చెప్పచ్చుగా, అమ్మా!” అంది కూతురు. “ఇన్నాళ్ళూ ఈయన్ని కాల్చుకు తిన్నాను.”

“తలుపు గట్టిగా నిలబడ్డాక చెబుదామనుకున్నానే. అది నిలబడితేగా?”

మేస్త్రి గుండెమీంచి బండ దిగినట్టయింది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. తన రేపు మూలంగా, మోకాలు సరిగా వంగని పెద్దావిడ ఒంటిచేత్తో స్నానం చేసింది. సంచిలోంచి పనిముట్లు తీశాడు.

కన్నాల్లో ఉన్న చెత్తంతా లాగేశాడు. చెక్క ఆరేదాకా ఫ్యాను పెట్టాడు. తడి చెక్కకి జిగురు పట్టదు. ఎండు టేకుముక్కల్ని సన్నగా చీల్చి, నీళ్ళకి కరగని జిగురులో ముంచి, కన్నం నిండేదాకా దిగ్గొట్టాడు. “అగ్గిపుల్లలైనా పర్లేదు అత్తయ్యా, మందు తలలు విరిచేసి జిగురు పెడితే” అని చెప్పాడు. తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదని గుమ్మానికి దుప్పటి కట్టాడు. అత్తగారు స్నానానికి ఎదురింటికి వెళ్ళింది.

వెళ్ళేముందు నెమ్మదిగా అంది, “వంటింటి అల్మారాక్కూడా పెట్టాను బాబూ. సుత్తితో.”

చూస్తే పార్టికల్ బోర్డు పూరీలా ఉబ్బి ఉంది. పొట్టు అదిమి చేసిన బోర్డు అది. కన్నంలో పుల్లలు కుక్కి కొడితే పట్టు రాకపోగా పొరలు విడిపోతాయి. అక్కడ సుత్తి పనికిరాదు. పొరల మధ్య జిగురు నింపి, రెండు చెక్కల మధ్య బిగించి, అది ఆరాక పాత కన్నాన్ని పెద్ద డ్రిల్లుతో శుభ్రంగా గుండ్రంగా తొలిచాడు. డ్రిల్లు బోర్డు అవతలికి పోకుండా ముందే దానిమీద టేపు గుర్తు పెట్టుకున్నాడు. సరిగ్గా పట్టే చెక్క బిరడాకి జిగురు రాసి, చేత్తోనే తోసి ఆరబెట్టాడు. పెళ్ళాం అడక్కుండానే పక్కన నిలబడి టార్చి పట్టింది.

“నన్ను తిట్టండి” అంది.

“టార్చి కదపకు.”

“నమ్మకపోవడం నాదే తప్పు.”

“కదపకన్నానా?” అన్నాడు. కళ్ళు చెమర్చాయి గానీ పొట్టు పడిందని తుడుచుకున్నాడు.

మర్నాడు సాయంత్రం కన్నాల్లోంచి బయటికి మిగిలిన చెక్క మట్టంగా కోసి, స్క్రూకి సన్న డ్రిల్లుతో దారి చేసి, బందులు మెషీనుతో కాకుండా చేత్తో బిగించాడు. మెషీను ఒక్క క్షణం ఎక్కువ తిరిగితే కొత్త కన్నం కూడా పాతదైపోతుంది. తలుపు చప్పుడు లేకుండా వచ్చి తన చోట తను కూర్చుంది. అల్మారా బందు కూడా అలాగే బిగిసింది.

అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. బయట ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. లోపల నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు తీరిగ్గా, చాలాసేపు వినిపించింది.

మధ్యలో ఆవిడ గొంతు పెద్దగా వచ్చింది. “అల్లుడుగారూ, ఈ కిటికీ గడియ కూడా వదులుగానే ఉంది.”

“రేపు...” అనబోయి నాలిక్కరుచుకున్నాడు. “మీరు బయటికి రాగానే చూస్తానత్తయ్యా.”

పెళ్ళాం నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళి కొత్త అగ్గిపెట్టె తెచ్చింది. సీలు కూడా తీయలేదు. అతని పనిముట్ల సంచిలో వేసి మూతి కట్టేసింది.

“మీ పనికి ఉంచుకోండి. ఎన్ని పుల్లలు మిగిలాయో నేను చూడను.”