ఏడో చోటు ఎవరిది?

ఆ గ్రీకు పెద్దమనిషిని చూస్తే పెతేసెకు ఒళ్ళు మండింది. నున్నటి తెల్లరాతి పిరమిడ్ మీద ఉత్తి కాళ్ళతో, వేళ్ళు ఆనించి, తను శిఖరం దాకా పాకి దిగివస్తే, ఆయనేమో కింద గొడుగు నీడలో ఆవలిస్తున్నాడు! పిరమిడ్ పక్కనున్న బుసిరిస్ ఊరి మగాళ్ళకు ఇది తాతల నాటి విద్య. చూడ్డానికి నైలు మీద పడవలొస్తేనే దానికి విలువ, ఇంట్లో రొట్టె. ఈమధ్య పడవలు తగ్గాయి, గ్రీకులంతా అలెగ్జాండ్రియా చూసేసి అటునుంచి అటే పోతున్నారు.

ఈయన పేరు నికగోరస్, హలికర్నాసస్ వాడు. ఒళ్ళో పపైరస్ రెల్లు కాగితపు చుట్ట పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"ఏం రాస్తున్నారు దొరా?" చెమట తుడుచుకుంటూ అడిగాడు పెతేసె. వచ్చేపోయేవాళ్ళ దగ్గరే గ్రీకు నేర్చుకున్నాడు, నదురూ బెదురూ లేకుండా మాట్లాడతాడు.

"చూడాల్సినవాటి జాబితా. అలెగ్జాండర్ పుణ్యమా అని ఇప్పుడు నైలు నుంచి బాబిలోన్ దాకా మా భాష వస్తే చాలు, పూటకూళ్ళింట్లో మంచం దొరుకుతుంది. అందరూ బయల్దేరుతున్నారు గానీ ఏం చూడాలో తెలిసి చావట్లేదు. అందుకని ఏడు రాసిస్తున్నా."

"ఏడే ఎందుకు? మా ఊళ్ళోనే మూడు పిరమిడ్లున్నాయి."

"ఏడు మాకు నిండు సంఖ్యయ్యా. ఆకాశంలో తిరిగే గ్రహాలు ఏడు. అంతకంటే ఎక్కువైతే ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?"

"మరి మీరు వెళ్ళని దేశాల్లో గొప్పవి లేవా?"

"ఉంటాయి. మేం వెళ్ళలేదుగా!" అని నికగోరస్ నవ్వాడు. ఆ ఒక్క నవ్వుతో పెతేసెకు కాస్త కోపం తగ్గింది. "ఆరు తేలిపోయాయి. ఏడోది మీ పిరమిడా, అలెగ్జాండ్రియా దీపస్తంభమా అన్నదే తేలట్లేదు. అదైతే ఓడలకు దారి చూపిస్తుంది, పైగా మావాళ్ళు కట్టింది. ఇది దేనికి? ఒక రాజు పడుకోడానికి!"

పెతేసె దగ్గరికి జరిగాడు. జాబితాలో లేకపోతే రేపటి పడవ కూడా రాదు. "ఆ ఆరూ ఏవేంటో చదవండి."

"బాబిలోన్ గోడలు, అక్కడి వేలాడే తోటలు, ఒలింపియాలో దంతంతో, బంగారంతో చేసిన జ్యూస్ దేవుడి విగ్రహం, రోడ్స్‌లో కంచు సూర్యుడి విగ్రహం, ఎఫెసస్‌లో ఆర్టెమిస్ దేవత గుడి, మౌసోలస్ సమాధి."

"ఆ చివరిది ఎక్కడ?"

నికగోరస్ గొంతు సవరించుకున్నాడు. "మా ఊళ్ళో."

"అమ్మ దొరా! మీ రాజు పడుకుంటే అద్భుతం, మా రాజు పడుకుంటే దండగా?" అని పెతేసె పగలబడి నవ్వాడు. "సరే, తోటలు చూశారా?"

"బాబిలోన్ వెళ్ళా. తోటలు మాత్రం విన్నాను. చూపించేవాడు దొరకలేదు."

"గుడి?"

"ఒకసారి ఒక పిచ్చివాడు తగలబెట్టాడు. మళ్ళీ కట్టారు, బ్రహ్మాండంగా."

"సూర్యుడు?"

ఆయన కలం పక్కన పెట్టాడు. "మా తాత చిన్నతనంలో భూకంపం వచ్చి మోకాళ్ళ దగ్గర విరిగి పడిపోయాడు. ఇంకా నేలమీదే ఉన్నాడు. బొటనవేలు చుట్టూ చేతులు కలవవు, తెలుసా? కానీ నిలబడి ఉన్నప్పుడు చూడలేకపోయానని ఏడుపొచ్చింది నాకు."

ఆ దుఃఖం నిజమైనదే. పెతేసె వెటకారం మానేసి ఆయన పక్కనే ఇసుకలో కూలబడ్డాడు.

"దొరా, జాబితా ఎవరికోసం? రేపు బయల్దేరేవాడి కోసం. వాడు చేరేసరికి ఆ వస్తువు అక్కడ ఉండాలా వద్దా? మీ తాతల తాతలకు ఊరే లేనప్పటి నుంచీ ఇది ఇక్కడే ఉంది. రెండు వేల ఏళ్ళ పైమాట. భూకంపమొస్తే దీపస్తంభం దారి చూపిస్తుందో లేదో నాకు తెలీదు. ఇది మాత్రం కూలేటట్టు లేదు, చూడండి, కిందంతా ఎంత వెడల్పో! పడిపోడానికి దానికి చోటేదీ?"

నికగోరస్ తలెత్తి పైకి చూశాడు. ఈసారి ఆవలించలేదు. కలం తీసి, ఏడో వరసలో పిరమిడ్ అని రాశాడు.

"దీపస్తంభం వాళ్ళు నన్ను తిడతారు."

"తిట్టనివ్వండి. తర్వాత ఇంకోడెవడో జాబితాలోంచి బాబిలోన్ గోడ కొట్టేసి దీపస్తంభాన్ని ఎక్కిస్తాడు లెండి."

అలాగే జరిగింది కూడా. తర్వాతి జాబితాల్లో గోడ పోయి దీపస్తంభం వచ్చింది. ఆ తర్వాత నిప్పు, భూకంపాలు, రాళ్ళు పీక్కుపోయేవాళ్ళు కలిసి మిగతా అన్నిటినీ మింగేశారు, దీపస్తంభంతో సహా. పిరమిడ్ తెల్ల పైరాళ్ళు కూడా పీక్కుపోయారు గానీ, అది మాత్రం అక్కడే నిలబడింది. ఏడింటిలో ఇవాళ్టికి మిగిలింది అదొక్కటే.

ఆ రోజు పడవెక్కబోతూ నికగోరస్ పెతేసె భుజం తట్టాడు. "పెద్దవాణ్ణయ్యా, మళ్ళీ రాలేను. నా చుట్ట చదివి ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో!"

పెతేసె నవ్వి తాడు విప్పాడు.

"తొందరేం లేదు దొరా. మెల్లగా రమ్మనండి."