సిగ్నల్ లేని పదకొండు రోజులు

కిషన్‌లాల్‌కు కోపం వస్తే అది కాగితం మీదికే వస్తుంది. పొద్దున్నే గల్లాపెట్టె పక్కన కూర్చుని ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకు అర్జీ మొదలుపెట్టాడు. పినపాక అవతల అడవి అంచున, అతని కిరాణా కొట్లో ఉన్న యాంటెనా ఫోనే చుట్టుపక్కల గూడేలకు దిక్కు. కాల్ సెంటరు వాళ్లేమో మూడుసార్లు ఫిర్యాదు నంబరు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. మాట మధ్యలో కాల్ తెగిపోతుంది. తిరిగి కలిపితే మళ్లీ మొదటి నిమిషం ఛార్జీ పడుతుంది. గాలివానకు టవర్ చెడి మే ఇరవై ఎనిమిది నుంచి జూన్ ఏడు దాకా అసలు సిగ్నలే లేదు. ఆ పదకొండు రోజులూ ఒక్క కాల్ వెళ్లలేదని వాళ్ల బిల్లే చెబుతోంది. అద్దె మాత్రం నెల మొత్తానికీ వేశారు. ‘సేవ ఇవ్వకుండా డబ్బు తీసుకోవడం పచ్చి మోసం’ అని రాసి కింద గీత గీశాడు. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాడు కూడా.

ఫోన్ వాడేవాళ్ల వేలిముద్రలు ఉంటే అర్జీకి బలం. ఉప్పు కోసం వచ్చిన ముత్తక్కను కూర్చోబెట్టి చదివి వినిపించాడు. తేదీలు విని ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

“గవి మా విత్తనాల పండుగ రోజులు గద బిడ్డా. పండుగకు రమ్మని సుజాతకు గీ ఫోన్లనే చెప్తిని గదా?”

కిషన్‌లాల్ అర్జీలోని తేదీలు మళ్లీ చూసుకున్నాడు. ఆ రోజు కొత్తగూడెంలోని ఆమె కూతురు సుజాతకు నంబరు కలిపాడు. అవతల చప్పుడు లేదు. ఎన్నడూ ఫోన్ ముట్టని ముత్తక్క రిసీవర్ చెవికి ఆనించుకుని చెప్పాల్సిందంతా చెప్పేసింది. అక్కడే ఆపాల్సింది. కొట్లో బేరాలున్నాయి, ఈమెకు ఎవరు వివరిస్తారులే అనుకున్నాడు. రెండు రూపాయలు గల్లాలో వేసుకున్నాడు.

“సిగ్నల్ లేకుండె ముత్తక్కా. సుజాతకు వినపడలే. నాకు ఎర్కే.”

“ఎర్కేనా?” ఆమె గొంతు పెంచలేదు. “మొన్న పోరి వచ్చింది. పండుగకు ఎందుకు రాలేదే అంటే, నువ్వెప్పుడు పిలిచినవే అన్నది. అబద్ధాలాడుతుందని ఇంట్లకు రానియ్యలే. ఏడ్సుకుంట పోయింది.”

అతనికి తల కొట్టేసినట్టయింది. గబగబా సుజాత నంబరు నొక్కాడు. కలిసింది.

“బిడ్డా, అబద్ధం నీది గాదే...” అని ముత్తక్క అంటుండగానే కాల్ తెగింది. మళ్లీ కలిపాడు. మూడోసారికి తల్లీకూతుళ్లు మాట్లాడుకున్నారు, ఏడ్చారు. కిషన్‌లాల్ పప్పు డబ్బాల వైపు తిరిగి నిలబడ్డాడు.

ముత్తక్క కొంగుముడి విప్పి రెండు రూపాయలు అర్జీ మీద, అతను గీత గీసిన వాక్యం పక్కనే పెట్టింది.

“వద్దు ముత్తక్కా.”

“గీసారి వినపడ్డది గద, తీస్కో” అంది. కాగితం ముందుకు జరుపుకుని బొటనవేలు చాపింది. “ముద్ర ఏడ ఎయ్యాలె?”

కిషన్‌లాల్ తన చేతిలో ఉన్న స్టాంపు ప్యాడ్ మూత తీయలేకపోయాడు.