తువ్వాలు వెనకాల ముఖం

శాంతి వసారాలో గోనెపట్టా పరుచుకుని తాలుకాయలు ఏరుతోంది. ఎర్రగా నిగనిగలాడే మిరపకాయలు గంపలోకి, తెల్లబారిపోయిన తాలు పక్కకి. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని. గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంటే చాలు, వాటిలో తేడాగా ఉన్నదాని మీదికి చెయ్యి దానంతటదే పోతుంది. ఘాటు తగలకుండా ముక్కూ మూతీ కప్పి తువ్వాలు కట్టుకుంది. ఈ మిరప రోజుల్లో ఊళ్ళో సగం మంది మొహాలు అలాగే ఉంటాయి.

లోపల నులకమంచం మీద జక్రయ్య తలకి కట్టుతో పడుకుని ఉన్నాడు. శాంతికి ఆయన మేనమామ, మామగారు కూడా. వెంకటనారాయణ గారి మిరప కల్లానికి కాపలా ఉండేవాడు. పోయిన వారం పొద్దుగూకే వేళ ఎవరో ట్రాలీ ఆటో తెచ్చి బస్తాలు ఎత్తుకుపోతుంటే అడ్డం వెళ్ళాడు. వెనక నుంచి కర్రతో కొట్టారు. దెబ్బకి కుడిచెయ్యి పట్టు తప్పింది. ఇప్పుడు అన్నం ముద్ద కూడా ఎడమచేత్తోనే తింటున్నాడు.

ఆ సాయంత్రం మావయ్యకి క్యారేజీ పట్టుకెళ్తూ శాంతి ఒకణ్ణి చూసింది. కాయల కుప్ప పక్క నుంచి ఎదురొచ్చాడు. తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. ఒక్క క్షణం ఆగి, పక్కకి తిరిగి పరిగెత్తాడు. కల్లంలో పనివాళ్ళెవరో అనుకుంది. నాలుగడుగులు వేశాక మావయ్య నేల మీద కనిపించాడు.

"ఏమ్మా శాంతీ, పనిలో ఉన్నావా?" హెడ్ కానిస్టేబుల్ అంకమ్మరావు చెప్పులు విడిచి వసారాలోకి వచ్చాడు. ఆ కేసు ఆయన చేతిలోనే ఉంది. మనిషి మంచివాడని పేరు. జక్రయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జీపు పంపించింది కూడా ఆయనే.

"రండి సార్. కుర్చీ తెస్తాను."

"వద్దులే. ఒక్క నిమిషం పని." జేబులోంచి ఫోన్ తీశాడు. "ఆరు ఫోటోలున్నాయి. వీళ్ళలో వాడున్నాడు. బాగా చూసి చెప్పు."

శాంతి తువ్వాలు గడ్డం కిందికి లాగి, చేతులు చీరకి తుడుచుకుంది. ఆయన వేలితో ఒక్కొక్క ఫోటో జరుపుతున్నాడు. మొదటి మూడూ స్టేషన్ గోడ ముందు తీసినవి. తెల్లసున్నం, బిగుసుకున్న మొహాలు. నాలుగోది వేరే. పాతికేళ్ళ కుర్రాడు, భుజం మీద తువ్వాలు, సన్నటి మీసం, ఏదో జోకుకి నవ్వినట్టు వంకరపోయిన మూతి. వెనకాల ఎర్రగా మిరప కుప్ప. తర్వాతి రెండూ మళ్ళీ గోడ.

"మళ్ళీ చూపించండి సార్."

నాలుగో దాని దగ్గర ఆయన వేలు ఇంకాస్త నెమ్మదించింది. శాంతికి ఆ మనిషి ఎక్కడో తెలిసినట్టే అనిపించింది.

"ఇతనిలాగా ఉన్నాడండి."

"లాగా ఉన్నాడా, వాడేనా?"

"ఇతనే అనుకుంటాను."

"నేనూ అదే అనుకున్నా." అంకమ్మరావు మొహం విప్పారింది. "బాగా పట్టావమ్మా. నీలాంటి సాక్షి ఒక్కరుంటే చాలు మాకు. వాడి పేరు ఉస్మాన్. లోడింగు కూలీ. బస్తాలు ఎక్కడున్నాయో, ఏ వేళకి ఎవరుంటారో అన్నీ తెలిసినవాడే."

ఆయన వెళ్ళాక శాంతి మళ్ళీ కాయల ముందు కూర్చుంది. తను మంచిపనే చేసిందన్న తృప్తి ఆ రాత్రి అన్నం వడ్డించేటప్పుడు కూడా ఉంది.

ఉస్మాన్‌ని మర్నాడే పట్టుకున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు అడిగితే శాంతి చెప్పేది. మొదట్లో "అలాగే ఉన్నాడు" అనేది. తర్వాత "వాడే" అంది. ఆదివారం చర్చి దగ్గర పాస్టరమ్మ గారు అడిగేసరికి, ఆ సన్నటి మీసం, వంకరపోయిన ఆ మూతి కూడా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మొహం ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తోంది.

భర్త ప్రభుకి అది బలం. "నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది. లేకపోతే మా నాన్న చెయ్యి పోయినందుకు అడిగే దిక్కు లేకపోను," అనేవాడు.

సబ్‌జైల్లో గుర్తింపు పరేడు ఉందని కబురొచ్చింది. ఆ పొద్దున శాంతి తువ్వాలు ఉతికి దండెం మీద ఆరేస్తోంది. తడిబట్ట చేతిలో ఉండగానే ఆగిపోయింది. కల్లంలో ఎదురొచ్చినవాడికి మూతి మీద తువ్వాలుంది. ఆ మాట పోలీసులకి మొదటి రోజే చెప్పింది. మరి ఆ మీసం ఎక్కడ చూసింది? ఆ వంకర మూతి?

కళ్ళు మూసుకుంది. కుప్ప పక్క నుంచి మనిషి వస్తున్నాడు. మొహం మొత్తం కనిపిస్తోంది, నవ్వు కూడా. కర్రతో ముసలాయన్ని కొట్టి పారిపోయేవాడు నవ్వుతూ ఎందుకొస్తాడు?

జైలు దాకా జీపులో అంకమ్మరావే తీసుకెళ్ళాడు. గేటు ముందు దిగేటప్పుడు గొంతు తగ్గించాడు. "ఫోన్ సంగతి లోపల ఎత్తమాక. వాళ్ళు అనవసరంగా రాద్ధాంతం చేస్తారు. నువ్వు చూసినవాణ్ణే కదా చూపిస్తున్నావు."

శాంతి ఒక్కతే లోపలికి నడిచింది. గేటు అవతలికి ఆయన్ని రానివ్వలేదు. పోలీసులెవరూ లోపల ఉండకూడదట.

ఒక గదిలో మేజిస్ట్రేటు గారు కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళావిడ. ఏం చూసిందో మొదటి నుంచీ చెప్పించుకున్నారు. మధ్యలో తొందర పెట్టలేదు.

"అవతల తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. నువ్వు చూసినవాడు వాళ్ళలో ఉండొచ్చు, లేకపోవచ్చు. లేకపోతే లేడని చెప్పు. గుర్తు రాకపోతే రాలేదని చెప్పు. దానివల్ల నీకేమీ కాదు. అర్థమైందా?"

లేకపోవచ్చు అన్న మాట ఇంతవరకూ శాంతితో ఎవరూ అనలేదు.

"అర్థమైందండి."

"ఆ రోజు తర్వాత అతన్ని గానీ, అతని ఫోటో గానీ నీకెవరైనా చూపించారా?"

జీపు పంపించి మావయ్య ప్రాణం నిలబెట్టిన మనిషి గేటు బయట నిలబడి ఉన్నాడు. ఇంటి దగ్గర ప్రభు ఎదురుచూస్తున్నాడు. వాళ్ళిద్దరూ ఒక పక్కన, తనకి పేరు తప్ప ఏమీ తెలియని ఒక కుర్రాడు ఒక పక్కన.

"చూపించారండి. ఫోన్లో. ఆరుగుర్ని. వాళ్ళలో వాడున్నాడని చెప్పి చూపించారు."

మేజిస్ట్రేటు గారు రాసుకున్నారు. మొహంలో ఏ మార్పూ లేదు.

తొమ్మిది మందీ ఒకే వయసువాళ్ళు, ఒకే రకం చొక్కాలు. శాంతి చూపు ఎటూ తిరగకుండా నేరుగా అయిదో మనిషి దగ్గరికి వెళ్ళి ఆగింది. అదే మీసం. ఇప్పుడు నవ్వు లేదు, అంతే తేడా. మిగతా ఎనిమిది మందినీ ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇతన్ని మాత్రం రోజూ చూస్తున్నట్టే ఉంది.

"ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా?"

"తెలిసినతను ఉన్నాడండి. ఫోన్లో చూసినతను. కల్లంలో చూసింది ఇతన్నేనా అంటే..."

"కల్లంలో అతని మొహం నీకు ఎంతవరకు కనిపించింది?"

"కళ్ళూ, నుదురూ అండి. మూతికి తువ్వాలుంది."

మేజిస్ట్రేటు గారు అది కూడా రాసుకుని ఆమెని బయటికి పంపించారు. మళ్ళీ పిలిచేసరికి తొమ్మిది మందీ తువ్వాళ్ళు కట్టుకుని ఉన్నారు. నిలబడ్డ చోట్లు మారిపోయాయి. శాంతి ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. రోజూ చూసినట్టుండే మొహం ఎక్కడా లేదు. తొమ్మిది జతల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఒక జత కళ్ళల్లో నీళ్ళున్నాయి. తువ్వాలు కట్టుకున్నవాళ్ళకి కళ్ళు చెమర్చడం కల్లంలో ఆమె రోజూ చూసేదే, కానీ ఇక్కడ మిరప ఘాటు లేదు.

ఆ కళ్ళనే చూస్తూ ఉంటే అప్పుడు గుర్తొచ్చింది. దొంగతనానికి చాలా ముందు, లారీకి బస్తాలెత్తే రోజున ఒక కుర్రాడు తువ్వాలు విప్పి భుజాన వేసుకుని "అక్కా, కాసిని మంచినీళ్ళు" అన్నాడు. ఆమె బిందె వంచింది. పక్కనున్న కూలీలు ఏదో అంటే నవ్వాడు. ఎవరో ఫోన్లో ఫోటో తీసుకున్నారు.

"చెప్పలేనండి. కల్లంలో చూసినతను వీళ్ళలో ఎవరో నేను చెప్పలేను. ఆ ఫోన్లో చూసినతనికి మాత్రం అంతకుముందు నీళ్ళిచ్చాను. నాకు తెలిసినట్టుండింది అందుకే."

ఇంటికొచ్చేసరికి ప్రభు గుమ్మంలోనే ఉన్నాడు. అంకమ్మరావు ఫోన్ చేసి చెప్పేశాడు.

"చెప్పలేనన్నావంట?"

"అన్నాను."

"ఊరంతా వాడే వాడే అని నువ్వే చాటావు కదే. ఇప్పుడు నీకు జాలి పుట్టుకొచ్చిందా? మా నాన్నని చూస్తే పుట్టలేదేం?"

"జాలి కాదు. నేను చూసింది ఫోటోని. మనిషిని కాదు."

"రెండిటికీ తేడా ఏంటో నువ్వే చెప్పు, జడ్జి గారివి."

మంచం మీంచి జక్రయ్య దగ్గాడు. "ఒరేయ్ ప్రభూ. దెబ్బ తిన్నవాణ్ణి నేను. నేనే చూడలేదు. దాన్నెందుకురా కాల్చుకుతింటావ్?"

ప్రభు ఆ రాత్రి వసారాలో పడుకున్నాడు. వారం పాటు అవసరానికి తప్ప మాట్లాడలేదు. శాంతి కూడా కదిలించలేదు.

మిరప పని చివరికొచ్చింది. ఒకరోజు శాంతి ఆఖరి గంప ముందు కూర్చుని ఉండగా అంకమ్మరావు వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు, వసారా అంచునే నిలబడ్డాడు. ప్రభు లేచి కుర్చీ వేశాడు.

"బస్తాలు పొదిలి పక్కన ఒక గోడౌన్లో దొరికాయి. వెంకటనారాయణ గారు గోతాల మీద వేయించిన గుర్తు అలాగే ఉంది. ఆటోవాడు కూడా దొరికాడు. ఉస్మాన్ ఆ సాయంత్రం వేటపాలెంలో జీడిపప్పు లోడు ఎత్తుతున్నాడంట. గేటు కెమెరాలో కనిపించాడు. నిన్న వదిలేశారు."

శాంతి చేతిలో కాయ చేతిలోనే ఉంది. ప్రభు ఆమె వైపు చూసి, తల దించుకున్నాడు.

"ఆటోలో వచ్చిన రెండోవాడు చీమకుర్తి క్వారీలో పనిచేసేవాడు." అంకమ్మరావు ఫోన్ తీసి, తెర ఆమె వైపు తిప్పబోయాడు. "జక్రయ్యని కొట్టింది వీడే. నువ్వు ఒక్కసారి చూసి అవునంటే..."

శాంతి రెండు చేతులతో కళ్ళు కప్పుకుంది. వేళ్ళకున్న కారం రెప్పలకి తగిలి భగ్గుమంది. అయినా తీయలేదు.

"ఇక్కడొద్దండి. మేజిస్ట్రేటు గారి ముందు, పదిమందిలో నిలబెట్టండి. తువ్వాలు కట్టించండి. అప్పుడు చూస్తాను."

"ఒక్క ఫోటోనేనమ్మా."

"అందుకేనండి వద్దంటుంది."

ప్రభు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అంకమ్మరావు ముందు పెట్టాడు. తర్వాత వచ్చి శాంతికీ ఫోన్‌కీ మధ్య నిలబడ్డాడు.

శాంతి వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అంకమ్మరావు ఆమెని చూశాడు, మంచం మీద జక్రయ్యని చూశాడు. ఫోన్ ఆర్పి జేబులో వేసుకున్నాడు. నీళ్ళు ముట్టకుండా వసారా దిగి వెళ్ళిపోయాడు.